హెచ్‌ఆర్ మెయిల్: "20 లక్షలే, శుక్రవారం లోపు చెప్పండి" – ఇందులో ఏది గట్టి మాట, ఏది కాదు?

నిజాంపేట్_నవీన్ • మంగళవారం, ఏప్రిల్ 7, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీ, డేటా ఇంజినీర్ రోల్. ఇప్పుడు నా ఫిక్స్‌డ్ 15.4 లక్షలు. వాళ్ళు మొదట 19 అన్నారు, ఫోన్‌లో మాట్లాడాక 20 చేశారు. పైన వేరియబుల్ 10 శాతం. నేను గత వారం 23 ఫిక్స్‌డ్ అడుగుతూ మెయిల్ పెట్టాను. రెండు వర్కింగ్ డేస్ తర్వాత ఈ రోజు జవాబు వచ్చింది. ఇంగ్లీష్ మెయిల్‌ని తెలుగులోకి దించి, వాక్యాలకు నెంబర్లు వేశాను:

1. మీ అభ్యర్థనను కాంపెన్సేషన్ టీమ్‌తో రివ్యూ చేశాము.
2. ఇంటర్నల్ ప్యారిటీ దృష్ట్యా ఈ లెవల్‌కు ఫిక్స్‌డ్ పే 20 లక్షలకు మించి అప్రూవ్ చేయలేము.
3. వేరియబుల్ ప్రస్తుతానికి 10 శాతం దగ్గరే ఉంచుతున్నాము.
4. హైరింగ్ మేనేజర్ మీ ప్రొఫైల్ పట్ల చాలా ఆసక్తిగా ఉన్నారు. మొత్తం ప్యాకేజీ మీకు నచ్చేలా చూడాలన్నదే మా ఉద్దేశం.
5. ప్రోగ్రామ్ కొత్త ఫేజ్ జూన్ 15న మొదలవుతుంది కాబట్టి జాయినింగ్ డేట్ మార్చడం కుదరదు.
6. దయచేసి శుక్రవారం (10వ తేదీ) సాయంత్రం లోగా అంగీకారం తెలపండి. ఆ తర్వాత ఆఫర్ ఆటోమేటిక్‌గా ఎక్స్‌పైర్ అవుతుంది.

నా నోటీస్ పీరియడ్ 60 రోజులు. ఇంకా రిజైన్ చేయలేదు. ఇందులో ఇంకా అడగడానికి చోటుందా? శుక్రవారం నిజంగా ఆఖరి రోజేనా?

---

కేపీహెచ్‌బీ_కుర్రోడు • రాత్రి 9:58

గీ డెడ్‌లైన్లన్నీ ఉత్త డ్రామా బ్రో. నిన్ను తొందరపెట్టనీకి రాస్తరు. వాళ్ళకు మనిషి గావాలె, ఇంటర్వ్యూలు అయిపోయినయ్. శుక్రవారం ఏం జవాబియ్యకు, సోమవారం వాళ్ళే ఫోన్ జేస్తరు. ఇంకో ఆఫర్ 25 ఉందని చెప్పు, 23 ఇస్తరు. ప్యారిటీ గీరిటీ అంతా కాపీ పేస్ట్ ముచ్చట.

---

అత్తాపూర్_టీఏ • రాత్రి 10:31

నియామకాల వైపు పనిచేసేదాన్ని కాబట్టి అవతలి బల్ల నుంచి ఈ మెయిల్ ఎలా తయారవుతుందో చెప్తాను. కుర్రోడు గారు చెప్పినదాంట్లో సగం నిజం. ఆటోమేటిక్ ఎక్స్‌పైరీ చాలా చోట్ల పోర్టల్‌లో ఒక గడి మాత్రమే, రిక్రూటర్ మళ్ళీ రిలీజ్ చేయగలరు. మిగతా సగం నవీన్ గారికి నష్టం చేసేది.

ఇలాంటి మెయిల్ మొత్తానికి "గట్టి"దో "మెత్తన"దో ఉండదు. ఒక్కో వాక్యం ఒక్కో పద్దును మూస్తుంది. ప్రతి వాక్యాన్నీ మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏ పద్దును మూసింది? ఎవరు మూశారు? కారణం చెప్పారా లేదా?

2వ వాక్యం చూడండి. పద్దు ఫిక్స్‌డ్. మూసింది కాంపెన్సేషన్ టీమ్, అంటే మీకు మెయిల్ రాసిన రిక్రూటర్ కాదు. కారణం కూడా చెప్పారు, లెవల్ అన్న మాటా ఉంది. రెండు వర్కింగ్ డేస్ పట్టిందంటే ఎవరి టేబుల్ మీదికో వెళ్ళి వచ్చిందనే అర్థం. ఈ నాలుగూ కలిసొస్తే ఆ అంకె దగ్గర గోడ ఉందని అనుకోవాలి. గోడ కదలదని కాదు, కానీ రిక్రూటర్‌ని మళ్ళీ మళ్ళీ అడిగితే కదలదు.

3వ వాక్యంలో కారణం లేదు, "ప్రస్తుతానికి" ఉంది. దీన్ని ఎవరూ పైకి తీసుకెళ్ళి అడగలేదని నా అనుమానం. కానీ ఇది సందు అని సంబరపడకండి. వేరియబుల్ 10 నుంచి 12 శాతం చేయించుకున్నా, అది చేతికొచ్చే డబ్బు కాదు. కంపెనీ ఫలితం, మీ రేటింగ్ చూసి ఇచ్చేది. ఇక్కడ అడగాల్సింది శాతం కాదు, గత రెండేళ్ళలో టార్గెట్‌లో ఎంత చెల్లించారన్నది. జూన్‌లో చేరితే మొదటి ఏడాది ప్రో రేటా లెక్కేనా అన్నది కూడా అడగండి.

అన్నిటికంటే ముఖ్యం 4వ వాక్యం. అందరూ దాన్ని మర్యాద మాటగా చదివి దాటేస్తారు. ఫిక్స్‌డ్ మూసిన మెయిల్‌లోనే "మొత్తం ప్యాకేజీ" అన్నారు. జాయినింగ్ బోనస్ గురించి కాదనలేదు, అవుననలేదు. నోటీస్ బైఅవుట్ ఊసే లేదు. ఏ పద్దును ప్రస్తావించలేదో అదే ఇంకా తెరిచి ఉన్న తలుపు. జాయినింగ్ బోనస్ ఒకసారి ఇచ్చేది, జీతాల నిచ్చెనలోకి ఎక్కదు, పక్క సీటు ఆయనతో పోలిక రాదు. అందుకే ప్యారిటీ అనే కారణం దానికి వర్తించదు.

---

నిజాంపేట్_నవీన్ • రాత్రి 10:44

థ్యాంక్స్ మేడమ్. మరి శుక్రవారం సంగతి?

---

అత్తాపూర్_టీఏ • రాత్రి 11:06

5, 6 వాక్యాల్ని కలిపి చదవాలి. అసలు గడువు 6లో లేదు, 5లో ఉంది.

6వ దానికి కారణం చెప్పలేదు. 5వ దానికి చెప్పారు, అది మీతో సంబంధం లేని కారణం: ప్రోగ్రామ్ ఫేజ్ జూన్ 15న మొదలవుతుంది. కాబట్టి ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కేయండి. జూన్ 15 సోమవారం. మీరు చేరాలంటే జూన్ 14కి నోటీస్ పూర్తవ్వాలి. ఏప్రిల్ 16ని మొదటి రోజుగా లెక్కిస్తే ఏప్రిల్‌లో 15, మేలో 31, జూన్‌లో 14, సరిగ్గా 60. అంటే మీరు రిజైన్ చేయడానికి ఆఖరి రోజు ఏప్రిల్ 16, గురువారం. రివైజ్డ్ లెటర్ చేతికి రాకుండా రిజైన్ చేయకూడదు కాబట్టి, మీ లెటర్ 15 బుధవారానికల్లా వచ్చి తీరాలి. మధ్యలో 14న అంబేడ్కర్ జయంతి. మీ కంపెనీకీ వాళ్ళకీ సెలవుందేమో చూసుకోండి, ఆ రోజు అప్రూవల్ కదలదు.

ఇప్పుడు చూడండి. శుక్రవారం 10 అన్నది ఎవరో గాల్లోంచి తీసింది కాదు. సంతకానికి, రిజిగ్నేషన్‌కి, మధ్యలో వచ్చే సెలవుకి కలిపి కొన్ని రోజులు చేతిలో ఉంచుకుని పెట్టిన తేదీ. అందులో సోమవారం వరకు వదులు ఉంది. ఇంకో వారం వదులు మాత్రం లేదు. శుక్రవారం మౌనంగా ఉండి సోమవారం ఫోన్ కోసం ఎదురు చూస్తే, వాళ్ళు ఆ రెండు రోజుల్లో లిస్టులో రెండో మనిషిని పిలుస్తారు.

---

వనస్థలి_వాణి • బుధవారం, ఉదయం 7:15

పేరోల్ వైపు నుంచి ఒక మాట. 15.4కి 30 శాతం కలిపితే 20.02 వస్తుంది. వాళ్ళిచ్చింది 20. ఇది యాదృచ్ఛికం అనిపించడం లేదు నాకు. ప్రస్తుత జీతం మీద ఇంత శాతం మించి హైక్ ఇవ్వకూడదన్న అంతర్గత నియమం చాలా కంపెనీల్లో ఉంటుంది, 30 బాగా వినబడే అంకె. అదే అయితే 20 అన్నది లెవల్ పరిమితి కాదు, మీ పాత జీతం పరిమితి. మెయిల్‌లో ప్యారిటీ అని రాయడం మర్యాదకు.

తేడా ఎందుకంటే, లెవల్ బ్యాండ్ దాటించాలంటే లెవలే మార్చాలి. హైక్ శాతం దాటించాలంటే బిజినెస్ హెడ్ సంతకంతో ఎక్సెప్షన్ చాలు. రెండోది తక్కువ కష్టం, అయినా హైరింగ్ మేనేజర్ పూనుకుంటేనే.

---

అత్తాపూర్_టీఏ • ఉదయం 8:02

వాణి గారూ, మంచి పట్టు. కానీ ఒక అంకె కలిసినంత మాత్రాన తేల్చలేం. 19 తర్వాత 20 అన్నది గుండ్రటి మెట్టు కూడా. నిజంగా శాతం లెక్కయితే కొందరు 20.02 అనే రాస్తారు, వాళ్ళ షీట్ అలాగే ఉంటుంది. పైగా ఆ టీమ్‌లో ఇదే పని చేసే పాతవాళ్ళు 18, 19 దగ్గర ఉంటే ప్యారిటీ అన్నది అక్షరాలా నిజం కావచ్చు. కొత్త మనిషిని 23కి తెస్తే ఏప్రిల్ అప్రైజల్స్ సమయంలో మేనేజర్‌కు తలనొప్పి.

తెలుసుకోవడానికి మార్గం, సూటిగా ఒక ప్రశ్న అడగడం: "ఈ లెవల్ బ్యాండ్‌లో 20 గరిష్ఠమా, లేక నా ఆఫర్‌కు అప్రూవ్ అయిన మొత్తమా?" గరిష్ఠమే అయితే "అవును" అని ఒక్క ముక్కలో వస్తుంది, వాళ్ళకు దాచడానికి ఏమీ లేదు. "మీ అనుభవం, ప్రస్తుత ప్యాకేజీ దృష్టిలో పెట్టుకుని" అని తిరిగొస్తే వాణి గారి లెక్కకు బలం వచ్చినట్టే.

---

చింతల్_చరణ్ • ఉదయం 9:20

నాకూ ఇట్లాంటిదే వచ్చింది అన్నా. ఫ్రెషర్‌ని, 4.25 లక్షలు. నేను 5 అడిగా. "బ్యాచ్‌లో అందరికీ ఒకే ఆఫర్, మార్పులు ఉండవు, ఇండక్షన్ మే 4, అంగీకారం ఈ నెల 20 లోపు" అని వచ్చింది. నేనూ జాయినింగ్ బోనస్ అడగొచ్చా మేడమ్?

---

అత్తాపూర్_టీఏ • ఉదయం 9:41

చరణ్, నీ మెయిల్ వేరే జాతి. అందులో నీ పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టినా ఒక్క ముక్క మారదు. రివ్యూ చేశామని లేదు, హైరింగ్ మేనేజర్ లేరు, "ప్రస్తుతానికి" లేదు. నీ కోసం ఎవరూ ఎవరినీ అడగలేదు, అడిగే ఏర్పాటే లేదు. అంకె గట్టి, తేదీ కూడా గట్టే, ఎందుకంటే ట్రైనింగ్ సీట్లు, లాప్‌టాప్‌లు అన్నీ బ్యాచ్ లెక్కతోనే పోతాయి. లొకేషన్, బాండ్ షరతుల గురించి అడుగు. డబ్బు గురించి ఇంకో మెయిల్ పెట్టకు.

---

కేపీహెచ్‌బీ_కుర్రోడు • ఉదయం 10:05

మేడమ్ మీరు కంపెనీ సైడ్ మాట్లాడుతున్నట్టుంది 😀 చేతిల ఇంకో ఆఫర్ ఉందని చెప్తె తప్పేంది? అందరూ చెప్తరు గదా.

---

వనస్థలి_వాణి • ఉదయం 10:22

ఉంటే చెప్పొచ్చు తమ్ముడూ, లేనిది చెప్తే చిక్కు. "ఆ లెటర్ పంపండి, మ్యాచ్ చేయడానికి అప్రూవల్ పెడతాం" అనే జవాబు వస్తుంది. ఎక్సెప్షన్ ఫైల్‌లో ఆధారంగా పెట్టడానికి అది కావాలి. అప్పుడు ఏం పంపుతావు? దిద్దిన లెటర్ పంపితే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడితే ఉద్యోగమే పోతుంది.

---

కోఠీ_వకీల్ • ఉదయం 11:48

చట్టం వైపు నుంచి ఒక జాగ్రత్త. భారతీయ ఒప్పందాల చట్టం, 1872లో 6వ సెక్షన్ ప్రకారం, అంగీకారానికి పెట్టిన గడువు దాటితే ఆ ప్రతిపాదన పోయినట్టే. 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం ఏ షరతూ లేకుండా ఉండాలి. కాబట్టి "23 ఇస్తేనే చేరతాను" అని రాస్తే అది కొత్త ప్రతిపాదన, వాళ్ళ 20 అక్కడితో పక్కకు పోయినట్టు. తర్వాత మనసు మార్చుకుని 20కే ఒప్పుకుంటానన్నా వాళ్ళు ఇవ్వాలని లేదు.

ప్రశ్న అడగడం మాత్రం తిరస్కారం కాదు. "జాయినింగ్ బోనస్‌కు అవకాశం ఉందా?" అన్నది విచారణ. ఆఫర్ బతికే ఉంటుంది. వాక్యం కట్టడంలో ఈ తేడా పాటించండి. గడువు పొడిగింపు కూడా రాతలోనే తీసుకోండి, ఫోన్‌లో "పర్లేదు, సోమవారం చెప్పండి" అన్నది చాలదు. ఆ ఫోన్ తర్వాత మీరే రెండు లైన్ల మెయిల్ పెడితే సరిపోతుంది.

ఇంకోటి. మీ దగ్గర ఉన్నది ఆఫర్ లెటరా, మెయిల్ మాత్రమేనా? చాలా లెటర్లలో "బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కు లోబడి" అని ఉంటుంది. సంతకాలయ్యాక కూడా ఆ తలుపు వాళ్ళకు తెరిచే ఉంటుంది.

---

నిజాంపేట్_నవీన్ • మధ్యాహ్నం 1:10

19 లక్షల లెటర్ పోర్టల్‌లో ఉంది సార్. 20 అన్నది మెయిల్‌లో మాత్రమే, "అంగీకరిస్తే రివైజ్డ్ లెటర్ ఇస్తాం" అన్నారు.

---

కోఠీ_వకీల్ • మధ్యాహ్నం 1:25

అయితే పోర్టల్‌లో "యాక్సెప్ట్" నొక్కకండి. నొక్కితే 19కి సంతకం పెట్టినట్టు. అంగీకారం మెయిల్‌లో, 20 అంకె రాసి, రివైజ్డ్ లెటర్ కోరుతూ.

---

అత్తాపూర్_టీఏ • మధ్యాహ్నం 2:30

వకీల్ గారి మాట అక్షరాలా పాటించండి. ఇప్పుడు జవాబు ఎలా ఉండాలో చెప్తాను. ఈ రోజే పంపండి, శుక్రవారం దాకా ఆగితే మీరు గడువు చూసి కదిలినట్టు ఉంటుంది, వాళ్ళకూ అప్రూవల్‌కు టైమ్ ఉండదు.

మొదటి లైన్‌లో 20 ఫిక్స్‌డ్ గురించి వాళ్ళు చెప్పిన కారణం అర్థమైందని రాయండి. గోడను గుర్తించినట్టు కనిపిస్తే రిక్రూటర్‌కు ఊపిరి వస్తుంది. తర్వాత బ్యాండ్ ప్రశ్న. తర్వాత ఒకే ఒక కోరిక, అంకెతో: "ఫిక్స్‌డ్ ఇలాగే ఉంచి 2.5 లక్షల జాయినింగ్ బోనస్‌కు అవకాశం ఉందా?" మూడు నాలుగు పద్దులు ఒకేసారి పెట్టకండి. రిక్రూటర్ వాటిలో అతి చిన్నదాన్ని పట్టుకుని "ఇది చేయించాను" అంటారు. ఆఖరున: "సోమవారం 13 సాయంత్రం 5 లోగా నా తుది నిర్ణయం చెప్తాను. 16వ తేదీకల్లా రిజైన్ చేస్తే జూన్ 15కి చేరగలను, ఆ తేదీకి ఇబ్బంది ఉండదు."

ఆ ఆఖరి వాక్యమే పొడిగింపు తెస్తుంది. వాళ్ళకు నిజంగా పట్టింపు ఉన్నది జూన్ 15, దాన్ని మీరు కాపాడుతున్నారని లెక్కతో చూపించారు. దానికొచ్చే జవాబే గడువు పరీక్ష కూడా. "సోమవారం పర్లేదు" అంటే శుక్రవారం మెత్తన. "శుక్రవారం సాయంత్రం 6కి ఈ పొజిషన్ అప్రూవల్ క్లోజ్ అవుతుంది" లాంటి కొత్త కారణం చెప్తే, ఆ కారణాన్ని నమ్మి శుక్రవారమే తేల్చేయండి. కారణం లేకుండా అదే వాక్యం మళ్ళీ కాపీ చేసి పంపితే, ఎటూ చెప్పలేం.

---

వనస్థలి_వాణి • మధ్యాహ్నం 3:12

బోనస్ అడిగే ముందు చేతికెంత వస్తుందో చూసుకోండి. అది జీతం కిందే లెక్క, వచ్చిన నెలలోనే టీడీఎస్ కోస్తారు. మీ పై స్లాబ్ ఎంతైతే అంత పోతుంది. ఏడాదిలోపు మానేస్తే రికవరీ ఉంటుంది. చాలా లెటర్లలో కోత ముందు మొత్తాన్నే, అంటే మీ చేతికి రాని పన్నుతో సహా, తిరిగి కట్టమంటారు. రికవరీ నెలల వారీగా తగ్గుతూ పోతుందా, పన్నెండో నెల దాకా మొత్తమా అన్నది క్లాజ్‌లో చదవండి. ఇక్కడ ఒక మాట మార్పించుకోవడం బోనస్‌లో 25 వేలు పెంచుకోవడం కన్నా తేలిక.

ఇంకా 15.4కీ 20కీ పోలిక సరిగ్గా పెట్టారా? కొత్త కంపెనీ 20లో యజమాని పీఎఫ్, గ్రాట్యుటీ కూడా కలిపేసి ఉంటే చూడండి: బేసిక్ 10 లక్షలైతే పీఎఫ్ 12 శాతం అంటే 1,20,000. గ్రాట్యుటీ 4.81 శాతం అంటే 48,100. ఈ 1.68 లక్షలు నెల జీతంలో కనిపించవు. మీ పాత 15.4లో ఇవి లేకపోతే మీరనుకుంటున్న 30 శాతం 30 కాదు. మెయిల్‌తో పాటు బ్రేకప్ షీట్ అడగండి. ఇది ఎవరూ కాదనరు.

---

కేపీహెచ్‌బీ_కుర్రోడు • సాయంత్రం 4:40

సరే బ్రేకప్ ముచ్చట నాకు తెల్వది, నిజమే. కానీ 16 దాటితే జూన్ 15 పోయినట్టేనా? నోటీస్ బైఅవుట్ ఉంది గదా. నాల్గు రోజులు కొనుక్కుంటె అయిపాయె.

---

అత్తాపూర్_టీఏ • సాయంత్రం 5:05

అది సరైన మాట. 20న రిజైన్ చేస్తే నోటీస్ జూన్ 18 దాకా పోతుంది, నాలుగు రోజులు తక్కువ. నవీన్ గారి నెల జీతం సుమారు 1.2 లక్షలనుకుంటే రోజుకు 4 వేలు, మొత్తం 16 వేలు. డబ్బు పెద్దది కాదు. కానీ ఒప్పుకోవాల్సింది ఇప్పటి కంపెనీ. వాళ్ళ అపాయింట్‌మెంట్ లెటర్‌లో "కంపెనీ విచక్షణ మేరకు" అని ఉంటే కాదనొచ్చు, రిలీవింగ్ లెటర్ ఆపొచ్చు. లెక్క కూడా బేసిక్ మీదా, గ్రాస్ మీదా అన్నది ఆ లెటర్‌లోనే ఉంటుంది. అది చదివాకే 16ని సాగదీయొచ్చు. చదవకుండా అయితే 16 అంటే 16.

---

నిజాంపేట్_నవీన్ • గురువారం, సాయంత్రం 6:20

నిన్న 5:30కి పంపాను, దాదాపు మేడమ్ చెప్పినట్టే. ఈ రోజు జవాబు వచ్చింది. సారాంశం:

"సోమవారం మధ్యాహ్నం 1 గంట వరకు వేచి ఉండగలం. మీ అనుభవం, ప్రస్తుత కాంపెన్సేషన్‌ను పరిగణనలోకి తీసుకుని 20 నిర్ణయించాము. 1.5 లక్షల జాయినింగ్ బోనస్ ఆమోదం పొందింది, 12 నెలల రికవరీ షరతుతో. ఇది మా బెస్ట్ అండ్ ఫైనల్. బ్రేకప్ షీట్ జత చేశాము."

బ్రేకప్‌లో పీఎఫ్ 20 లోపలే ఉంది, గ్రాట్యుటీ బయట ఉంది.

---

వనస్థలి_వాణి • సాయంత్రం 6:35

"ప్రస్తుత కాంపెన్సేషన్" 🙂 నేనన్నది అదే. ప్యారిటీ మాట ఎటు పోయింది చూడండి.

---

అత్తాపూర్_టీఏ • సాయంత్రం 6:58

వాణి గారి వైపు మొగ్గింది, ఒప్పుకుంటాను. అయినా రెండూ ఉండొచ్చు.

"బెస్ట్ అండ్ ఫైనల్" అన్న మాటను నేనైతే ఇక్కడ నమ్ముతాను. ఖాళీ చేతులతో వస్తే అది బెదిరింపు. ఇక్కడ కొత్త అంకెతో, "ఆమోదం పొందింది" అన్న మాటతో వచ్చింది. ఎవరో సంతకం పెట్టారు, రిక్రూటర్ తన దగ్గరున్నది ఇచ్చేశారు. మధ్యాహ్నం 1 అన్న గంట కూడా గమనించండి. మీరడిగింది సాయంత్రం 5. మంగళవారం సెలవైతే, లెటర్ సోమవారమే బయటికి వెళ్ళాలంటే సగం రోజు వాళ్ళకు కావాలి. కారణం రాయకపోయినా ఈ గడువుకు పని ఉంది.

హైక్ పరిమితి అయితే బిజినెస్ హెడ్ ఎక్సెప్షన్ కోసం హైరింగ్ మేనేజర్‌తో ఒకసారి మాట్లాడొచ్చు, కానీ సోమవారం 1 లోపు ఆ సంతకం తేవడం కష్టం. ఆ మాట కన్నా, 20తో చేరితే వచ్చే ఏప్రిల్ సైకిల్‌కు మీరు అర్హులా కాదా, కటాఫ్ తేదీ ఎప్పుడు అన్నది రాతలో అడిగితే ఎక్కువ లాభం.

---

కేపీహెచ్‌బీ_కుర్రోడు • రాత్రి 7:30

నేనైతె మేనేజర్‌కు ఫోన్ గొడ్తుంటి. అడిగితె పోయేదేముంది? 21 వచ్చినా లాభమే గదా.

---

కోఠీ_వకీల్ • రాత్రి 7:44

ఫోన్ చేయొచ్చు, కానీ "అయితేనే చేరతా" అనకుండా. రికవరీ క్లాజ్ రివైజ్డ్ లెటర్‌లో ఎలా రాశారో చూడకుండా మాత్రం అంగీకారం మెయిల్ పంపకండి. సోమవారం ఉదయమే డ్రాఫ్ట్ లెటర్ అడగండి.

---

నిజాంపేట్_నవీన్ • రాత్రి 8:15

డ్రాఫ్ట్ లెటర్, కటాఫ్ తేదీ రెండూ ఇప్పుడే మెయిల్‌లో అడిగాను. మేనేజర్‌కు ఫోన్ చేయాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు. రికవరీ నెలవారీ తగ్గేలా మార్చమని అడిగితే, "ఫైనల్" అన్నాక మళ్ళీ బేరం అనుకుంటారా?

---

వనస్థలి_వాణి • రాత్రి 8:21

అనుకోరు. అది అంకె కాదు, షరతు. బడ్జెట్ మారదు కాబట్టి కాంపెన్సేషన్ టీమ్‌కు వెళ్ళాల్సిన పని కూడా ఉండకపోవచ్చు. ఒక్క లైన్‌లో అడగండి.